కలిసి వెబినార్ చేద్దామని అడిగేటప్పుడే ఎవరి కస్టమర్ ఎవరికో రాసి ఇవ్వండి

విజయవాడ వన్ టౌన్‌లో హోల్‌సేల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి, తర్వాత దాని బాగోగులు చూసుకోవడం నా పని. ఆ షాపుల జీఎస్టీ రిటర్నులు వేసేది వేరేవాళ్లు. వాళ్లు సీఏ అయినా, జీఎస్టీ ప్రాక్టీషనర్ అయినా బజార్లో అందరూ "ఆడిటర్ గారు" అనే అంటారు. నేనూ అలాగే అంటాను. మా రెండు పనులూ ఒకే బిల్లు మీద నడుస్తాయి కాబట్టి, ఇద్దరం కలిసి మా కస్టమర్లకు ఒక వెబినార్ పెడితే బాగుండునన్న ఆలోచన మా వృత్తిలో చాలామందికి వస్తుంది. "మేడమ్ గారూ, మనిద్దరం కలిసి ఒక వెబినార్ చేద్దామా?" అని మెసేజ్ పెడతారు. "తప్పకుండా అండీ, చూద్దాం" అని జవాబు వస్తుంది. అంతటితో ఆగిపోతుంది.

అవతలివాళ్లకు ఇష్టం లేక ఆగిపోయిందని నేను అనుకోను. ఆ మెసేజ్‌లో వాళ్లు సరే అనడానికి ఏమీ లేదు. తాను ఎంతసేపు కూర్చోవాలి, ఏ రోజు, వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు ఎవరి దగ్గర ఉంటాయి, రేపు తన క్లయింటుకు నేను ఫోన్ చేస్తానా చేయనా అన్నవి ఆవిడే ఊహించుకోవాలి. రోజంతా పనిలో మునిగి ఉండే మనిషి ఊహించుకునేది ఎప్పుడూ ఎక్కువ పని, ఎక్కువ నష్టం. పని ఎలా పంచుకోవాలి, జనం ఎవరికి చెందుతారు అన్నవి "ఒప్పుకున్నాక మాట్లాడుకుందాం" అని పక్కన పెట్టే విషయాలని చాలామంది అనుకుంటారు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. అవి రెండూ మొదటి మెసేజ్‌లోనే రాతలో ఉండాలి.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది విషయం. "జీఎస్టీ, బిల్లింగ్ మీద అవగాహన" అని పెడితే ఎవరూ రారు. వచ్చినా అది ఆవిడ ఒక్కతే చెప్పగలిగే విషయం, నేను అక్కడ అలంకారం. ఇద్దరూ అవసరమయ్యే విషయాన్ని కనిపెట్టడానికి నాకు తెలిసిన మార్గం ఒకటే: కస్టమర్ అడిగితే నేను "ఆడిటర్ గారిని అడగండి" అనేది, ఆడిటర్ గారిని అడిగితే "మీ సాఫ్ట్‌వేర్ అబ్బాయిని అడగండి" అనేది ఏ ప్రశ్నో చూడటం. మా ఇద్దరి మధ్య అలా తిరిగే ప్రశ్న ఒకటి ఉంది. అది 2024 అక్టోబరులో జీఎస్టీ పోర్టల్‌లోకి వచ్చిన ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, పొట్టిగా ఐఎంఎస్.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. సరుకు అమ్మిన వ్యాపారి తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో బిల్లు ఎక్కించగానే అది కొన్నవాడి ఐఎంఎస్ తెరలో కనపడుతుంది. అక్కడ యాక్సెప్ట్, రిజెక్ట్, పెండింగ్ అని మూడు దారులు. ఏదీ నొక్కకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఆ చర్యలను బట్టి నెలనెలా 14వ తేదీన, కొన్నవాడికి దక్కే క్రెడిట్ల పట్టిక అయిన 2బీ తయారవుతుంది. అందులో ఉన్న పన్నునే ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుని, తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవాలి. ఇప్పుడు ఒక హార్డ్‌వేర్ షాపు సంగతి చూడండి. 50,000 రూపాయల సరుకు, 18 శాతం చొప్పున 9,000 పన్ను. సప్లయర్ పోర్టల్‌లో బిల్లు నంబరు VJ/245 అని ఎక్కించాడు. షాపు గుమాస్తా కొనుగోలు ఎంట్రీలో VJ-245 అని కొట్టాడు. సాఫ్ట్‌వేర్ ఆ రెంటినీ వేర్వేరు బిల్లులుగా చూపించింది. "ఈ బిల్లు మనది కాదు" అనుకుని గుమాస్తా రిజెక్ట్ నొక్కాడు. 2బీలో ఆ 9,000 లేదు.

ఆ నెల పన్ను లెక్క తేల్చి కట్టే 3బీ రిటర్ను ఇంకా వేయకపోతే ఆ చర్య మార్చుకుని, 2బీని మళ్లీ లెక్క కట్టించుకోవచ్చు. వేసేశాక అయితే సప్లయర్‌ను బతిమాలి ఆ బిల్లును మళ్లీ తన రిటర్నులో చూపించమనాలి. తప్పు ఎంట్రీలో పుట్టింది, నష్టం రిటర్నులో తేలింది. గీతలు, అడ్డగీతలు పట్టించుకోకుండా బిల్లులు సరిపోల్చేలా సాఫ్ట్‌వేర్‌ను ఎలా అమర్చుకోవాలో నేను చెప్పగలను. ఏ బిల్లును పెండింగ్‌లో పెట్టవచ్చు, దేన్ని రిజెక్ట్ చేస్తే ఏమవుతుందో చెప్పడం నా పని కాదు, నేను చెప్పకూడదు కూడా. ఇలాంటి విషయం దొరికితే పని విభజన సగం దానంతట అదే జరిగిపోతుంది. దొరకకపోతే వెబినార్ ఆలోచన మానుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఇక అసలు చిక్కు జనం దగ్గర. బయటివాళ్లకు ఇది తేలికగా అర్థం కాదు, అందుకని కొంచెం నిదానంగా చెబుతాను. నా కస్టమర్లలో ప్రతి షాపుకూ ఇప్పటికే ఒక ఆడిటర్ ఉన్నారు. నాకు కొత్త షాపులు వచ్చేది ఎక్కువగా ఆ ఆడిటర్ల నోటిమాట మీదే. ఇప్పుడు నేను ఒక ఆడిటర్ మేడమ్‌ని నా కస్టమర్లందరి ముందు కూర్చోబెడితే, మిగతా ఆడిటర్లకు నేను వాళ్ల క్లయింట్లను తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెడుతున్నట్టే కనపడుతుంది. ఆవిడ వైపు నుంచి చూసినా అంతే. ఆవిడ క్లయింట్లలో చాలామంది వేరే సాఫ్ట్‌వేర్లు వాడుతున్నారు. అవి అమ్మినవాళ్లతో ఆవిడకు ఏళ్ల పరిచయం. నేను ఆవిడ వేదిక మీద నిలబడి నా సరుకు అమ్ముకుంటే ఆ పరిచయాలు చెడతాయి. ఇద్దరికీ ఉన్న ఈ భయం గురించి ఇద్దరూ మాట్లాడరు. "చూద్దాం" అన్న జవాబు వెనక ఉండేది చాలాసార్లు ఇదే.

అందుకే జనాన్ని పంచుకోవడమంటే "వచ్చినవాళ్ల లిస్టు ఇద్దరం తీసుకుందాం" అనడం కాదు. ఆ మాట నేను ఎన్నటికీ ఒప్పుకోను. నా కస్టమర్ తన నంబరు నాకిచ్చింది సాఫ్ట్‌వేర్ పని కోసం. దాన్ని ఇంకొకరికి ఇచ్చే హక్కు నాకు లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి అంటే ఫలానా పనికి అని తెలిసి, స్వేచ్ఛగా, స్పష్టంగా ఇచ్చినదే అంటోంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, తన నంబరు చేతులు మారిందని తెలిస్తే వన్ టౌన్ వ్యాపారి ఇంకోసారి ఫోన్ ఎత్తడు.

నిజానికి లిస్టులు కలపాల్సిన అవసరమే లేదు. రెండు గూగుల్ ఫారాలు చేస్తాం, ఒకటి నాది, ఒకటి ఆవిడది. ప్రశ్నలు రెంటిలోనూ ఒకటే: పేరు, షాపు, వ్యాపారం, బిల్లు ఎంట్రీ ఎవరు చేస్తారు, ఐఎంఎస్‌లో మీకు వచ్చిన ఇబ్బంది ఒకటి. నా కస్టమర్లకు నా ఫారం నేను పంపుతాను, ఆవిడ క్లయింట్లకు ఆవిడ ఫారం ఆవిడ పంపుతారు. జాయిన్ అయ్యే లింకు కూడా ఎవరి ఫారం నింపినవాళ్లకు వాళ్లే పంపుతారు. ఎవరి జాబితా వారి దగ్గరే ఉంటుంది. పక్క షాపువాడు ఫార్వర్డ్ చేస్తే వచ్చినవాళ్లు ఏ ఫారం నింపారో వాళ్ల లెక్కలోకి వస్తారు. వాదన ఉండదు.

ఒక్కటే చోట కొత్త పరిచయానికి దారి ఉంచాలి, లేకపోతే ఇద్దరికీ ఈ శ్రమ ఎందుకు? చివర్లో ఇచ్చే అభిప్రాయాల ఫారంలో రెండు గళ్లు పెడతాం. "బిల్లింగ్ అమరిక గురించి నాకు ఫోన్ చేయండి" అని ఒకటి, "రిటర్నుల విషయంలో సలహా కోసం నాకు ఫోన్ చేయండి" అని ఇంకొకటి. ముందే టిక్కు పెట్టి ఉంచకూడదు. టిక్కు పెట్టినవాళ్లకే ఫోన్, అదీ ఆ గడికి సంబంధించిన మనిషి నుంచే. రెండో గడి కింద చిన్న అక్షరాల్లో కాకుండా మామూలు అక్షరాల్లోనే ఒక వాక్యం ఉంటుంది: "మీకు ఇప్పటికే ఆడిటర్ ఉంటే ముందు వారితో మాట్లాడండి." ఆ వాక్యాన్ని ఆవిడ వెబినార్‌లో కూడా చెబుతారు. దాంతో మిగతా ఆడిటర్లకు నేను ముఖం చూపించగలుగుతాను.

ఇద్దరి జనం ఒకటే అయితే ఈ ఏర్పాటంతా వృథా. అది పేర్లు చెప్పుకోకుండానే తెలుసుకోవచ్చు. నా దగ్గర రెండొందల షాపుల దాకా ఉన్నాయి, ఎక్కువ భాగం హార్డ్‌వేర్, స్టేషనరీ. ఆవిడ దగ్గర నూట యాభై దాకా, ఎక్కువ భాగం వస్త్రాలు, మందుల డిస్ట్రిబ్యూటర్లు. ఏ బజారు, ఏ వ్యాపారం, సుమారుగా ఎన్ని అని చెప్పుకుంటే చాలు, కలిసేవాళ్లు ఎంతమంది ఉండొచ్చో తెలిసిపోతుంది. ఇంకో సంగతి కూడా అక్కడే బయటపడుతుంది. నేను మెసేజ్ పెడితే చూసేది గుమాస్తా, ఆవిడ పెడితే చూసేది యజమాని. రిజెక్ట్ నొక్కేది ఒకరు, డబ్బు పోయేది ఇంకొకరికి. ఆ ఇద్దరినీ ఒకే గంటలో కూర్చోబెట్టగలగడమే ఈ వెబినార్‌కున్న బలం. నా లిస్టు పెద్దదా ఆవిడ లిస్టు పెద్దదా అని లెక్కలు వేసుకోవడం అనవసరం.

పని విభజనకు వస్తే, చెరి సగం అన్న మాట నాకు నచ్చదు. న్యాయంగానే వినపడుతుంది, పని మాత్రం జరగదు. స్లైడ్లు ఇద్దరం కలిసి చేద్దాం అంటే ఎవరూ చేయరు. ఒక్కో పనికి ఒక్కరే బాధ్యులు. పైగా అడిగింది నేను కాబట్టి కదిలే పనులన్నీ నావే: మీట్ లింకు, పోస్టర్, ఫారాలు, రిహార్సల్, ఆ రోజు చాట్‌లో ప్రశ్నలు విడదీసి ఎవరివి వాళ్లకు ఇవ్వడం, రికార్డింగ్. ఆవిడవి మూడే. ఇరవై నిమిషాలు మాట్లాడటం, ముందురోజుల్లో ఒక అరగంట రిహార్సల్, తన క్లయింట్లకు రెండు సార్లు మెసేజ్ పంపడం. ఈ మూడోదాన్ని మాత్రం నేను ఆవిడ తరఫున చేయను, చేయలేను. ఆవిడ క్లయింట్లు కదిలేది ఆవిడ మాటకే. మాటలు రాసి ఇస్తాను, పంపాల్సింది ఆవిడే.

"అలా అయితే నువ్వే ఎక్కువ పని చేస్తున్నావుగా, అవతలివాళ్లకు పుణ్యానికి ప్రచారమేగా" అని ఒక మిత్రుడు అన్నాడు. నేను అలా చూడను. ఆవిడ తెచ్చేది నా దగ్గర లేనిది, పన్ను విషయంలో జనం నమ్మే గొంతు. పోస్టర్ చేయడానికి నాకు ఒక సాయంత్రం పడుతుంది. ఆ నమ్మకం సంపాదించడానికి ఆవిడకు ఏళ్లు పట్టింది. గంటలతో కొలిస్తే లెక్క కుదరదు.

తేదీ కూడా ప్రతిపాదనలోనే ఉండాలి, అదీ అవతలివాళ్ల క్యాలెండర్ చూసి పెట్టినదై ఉండాలి. 11న జీఎస్టీఆర్-1, 14న 2బీ, 20న 3బీ, మూడు నెలలకోసారి వేసేవాళ్లకు మన రెండు రాష్ట్రాల్లో 22. నెలలో మొదటి మూడు వారాలూ ఏ ఆడిటర్ ఆఫీసులోనూ ఊపిరాడదు. 12వ తేదీన వెబినార్ గురించి అడగడమంటే కాదనిపించుకోవడానికి అడగడమే. జూలైలో ఐటీ రిటర్నులు, సెప్టెంబరులో ట్యాక్స్ ఆడిట్, డిసెంబరులో వార్షిక రిటర్ను, మార్చి సంగతి సరేసరి. అన్నీ తీసేస్తే నవంబరు చివరి వారం బాగుంటుంది. దసరా, దీపావళి హడావిడి అయిపోయి షాపులూ కాస్త తెరిపిన పడతాయి. నేర్చుకున్నది డిసెంబరు 14కు ముందే ఆచరణలో పెట్టవచ్చు కూడా. మా బజారుకు మధ్యాహ్నం మూడు గంటలు అనువైన సమయం. భోజనాలు అయిపోయి, సాయంత్రం బేరం ఇంకా మొదలు కాని వేళ. గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు, ఆపైన ఉంటే గంటకు ఆగిపోతుంది, వందమందికి మించి పట్టరు. అందుకని యాభై నిమిషాలకే ప్లాన్ చేసుకోవాలి. రెండు ఫారాల్లో కలిపి నూట యాభై దాటితే పెద్ద ప్లాన్ నేను కొంటాను. పేరు ఇచ్చినవాళ్లందరూ రారు కాబట్టి అంతవరకు ఇబ్బంది లేదు.

ఇదంతా కలిపి నేను పంపే మెసేజ్ ఇలా ఉంటుంది. ముందు ఒకసారి ఫోన్ చేసి "ఒక ప్రతిపాదన పంపుతున్నాను, 22 తర్వాత తీరిగ్గా చూడండి" అని చెప్పి, తర్వాత పంపుతాను.

"మేడమ్ గారూ, నమస్తే. ఐఎంఎస్‌లో పొరపాటున రిజెక్ట్ నొక్కి క్రెడిట్ పోగొట్టుకుంటున్న షాపులు నాకూ తగులుతున్నాయి, మీకూ తగులుతూ ఉంటాయి. దీని మీద 'రిజెక్ట్ నొక్కే ముందు' అని యాభై నిమిషాల వెబినార్ ఒకటి మనిద్దరం చేద్దామని నా ఆలోచన. నవంబరు 26, మధ్యాహ్నం 3 గంటలకు.

నేను 15 నిమిషాలు: కొనుగోలు ఎంట్రీ, బిల్లు నంబర్లు సరిపోల్చడం. మీరు 20 నిమిషాలు: మూడు బటన్లు, ఏది ఎప్పుడు, పొరపాటు జరిగితే ఎలా దిద్దుకోవాలి. మిగతా 15 ప్రశ్నలకు. పన్ను ప్రశ్నలకు నేను జవాబు చెప్పను, సాఫ్ట్‌వేర్ ప్రశ్నలు మీ దాకా రానివ్వను.

మీ వైపు పని: ఆ 20 నిమిషాలు, 24న ఫోన్‌లో అరగంట రిహార్సల్, మీ క్లయింట్లకు రెండు మెసేజ్‌లు (రాసి పంపుతాను, మీకు నచ్చినట్టు మార్చుకోండి). మిగతాదంతా నేను చూసుకుంటాను. ఖర్చు ఏదైనా ఉంటే నాది.

మీ ఫారం మీది, నా ఫారం నాది. ఎవరి నంబర్లూ ఎవరికీ ఇచ్చుకోం. మీ క్లయింట్లు తమంతట తాము అడిగితే తప్ప నేను ఫోన్ చేయను. నా కస్టమర్లకు ఇప్పటికే ఆడిటర్లు ఉన్నారు కాబట్టి మీరూ అలాగే ఉంటారని ఆశిస్తున్నాను. నా సాఫ్ట్‌వేర్ గురించి అమ్మకపు మాట ఒక్కటీ ఉండదు. ఏ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకైనా పనికొచ్చేలా చూపిస్తాను.

ఇందులో మీకు కుదరనిది ఏదైనా ఉంటే అది మాత్రం చెప్పండి, మారుద్దాం. ఈ నెల 28లోగా చెబితే చాలు."

"మీరేమంటారు?" అని వదిలేయకుండా "కుదరనిది ఏదైనా ఉంటే" అని అడగడం కావాలని చేసినదే. ఎదుటి మనిషి చేతికి ఖాళీ కాగితం ఇస్తే అది అలాగే ఉండిపోతుంది. రాసి ఉన్న కాగితంలో ఒక గీత మార్చడం ఎవరికైనా తేలిక. మారుస్తున్నారంటే ఒప్పుకున్నట్టే.

డబ్బు ఊసు ఎందుకు లేదని అడగొచ్చు. వెబినార్ ద్వారా నాకు వచ్చిన ప్రతి షాపుకూ ఆవిడకు కొంత ఇస్తానంటే? వద్దనే చెబుతాను. నా నుంచి డబ్బు తీసుకున్న రోజున ఆవిడ సాఫ్ట్‌వేర్ గురించి ఏం చెప్పినా క్లయింటు అనుమానంగానే వింటాడు. అవతలివారు సీఏ అయితే అటు నుంచి నాకు కమిషన్ ఇవ్వడమూ కుదరదు. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం మొదటి షెడ్యూల్ ప్రకారం తమ వృత్తి ఆదాయంలో వాటా గానీ, కమిషన్ గానీ బయటివాళ్లకు ఇవ్వడం, ప్రకటనలతో క్లయింట్లను అభ్యర్థించడం రెండూ వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తాయి. కాబట్టి సీఏకు పంపే ప్రతిపాదనలో రెండో గడి తీసేయండి. పోస్టర్ మీద ఆయన పేరు, ఫర్మ్ పేరు, ఫోటో ఏ మేరకు ఉండొచ్చో ఆయననే అడిగి, ఆయన చెప్పినట్టే చేయండి. మనమే ముందు అడిగితే, వాళ్ల కట్టుబాట్లు తెలిసిన మనిషితో మాట్లాడుతున్నామన్న నమ్మకం వాళ్లకు కలుగుతుంది.

తప్పు ఎక్కడ జరుగుతోందో ముందే తెలిసే గుర్తు ఒకటుంది. వెబినార్‌కు నాలుగు రోజుల ముందు రెండు ఫారాలూ ఎలా నిండుతున్నాయని ఒకరినొకరు అడగాలి, అంకె చెప్పుకుంటే చాలు. నాది అరవై నిండి ఆవిడది నాలుగైదు దగ్గరే ఉంటే ఆవిడ మెసేజ్ వెళ్లలేదన్నమాట. ఆ సమయంలో "పర్లేదు, నా వాళ్లు చాలు" అనుకుని నడిపించేయడం చాలామంది చేసే పని. అప్పుడు యజమానులు ఉండరు, గుమాస్తాలే ఉంటారు. ఇంకా ఇబ్బంది ఏమిటంటే ఆవిడ నా కస్టమర్ల ముందు మాత్రమే కనపడతారు. మిగతా ఆడిటర్ల విషయంలో నేను జాగ్రత్త పడిందంతా అక్కడ గాలికి పోతుంది. అందుకని ఫోన్ చేసి, మెసేజ్ మళ్లీ రాసిచ్చి, మరునాటికీ కదలకపోతే డిసెంబరు హడావిడి దాటాక పెట్టుకుందామని నేనే వాయిదా వేస్తాను. నా ఫారం నింపినవాళ్లకు కొత్త తేదీ చెప్పడం కాస్త ఇబ్బందే అయినా, ఒక వైపు జనంతో నడిపిన ఉమ్మడి కార్యక్రమం వల్ల వచ్చే ఇబ్బంది కంటే అది చిన్నది.

రికార్డింగ్ ఎవరిదన్న ప్రశ్న చివర్లో వస్తుంది, అప్పటికి ఎవరికీ ఓపిక ఉండదు. అందుకే దాన్నీ ముందే అడిగి రాసుకోవడం మంచిది. నా పద్ధతి ఇది. జనం పేర్లు, ప్రశ్నలు ఉన్న భాగం కత్తిరించి, మా ఇద్దరి ముప్పై అయిదు నిమిషాలు మాత్రమే ఉంచుతాను. పేరు ఇచ్చినవాళ్లకే ఎవరి వాళ్లకు వాళ్లం పంపుతాం, యూట్యూబ్‌లో పెట్టం. ఐఎంఎస్ నిబంధనలు మారుతూనే ఉన్నాయి. ఆవిడ నవంబరులో చెప్పిన మాట మారిపోయాక కూడా ఆవిడ గొంతుతో తిరుగుతూ ఉంటే, పేరు పోయేది ఆవిడకే. ఆరు నెలలు దాటితే లింకు తీసేస్తానని, అంతకుముందే నిబంధన ఏదైనా మారితే ఆవిడ ఒక్క మాట చెప్పగానే తీసేస్తానని మెసేజ్‌లో ఇంకో వాక్యం చేర్చండి. పన్ను పని చేసేవాళ్లు ప్రతిపాదన మొత్తంలో అన్నిటికంటే శ్రద్ధగా చదివేది ఆ వాక్యాన్నే.